అప్లై చేశాక రెజ్యూమెలో తప్పు కనబడితే: కరెక్షన్ మెయిల్‌లో ఏముండాలి?

అప్లై చేసిన రెండు రోజులకి రెజ్యూమె మళ్లీ తెరిచి చూస్తే, పాత కంపెనీలో మానేసిన నెల తప్పు పడిందని తెలుస్తుంది. లేదంటే ఆఫీసు ఇచ్చిన లెటర్‌లో ఎక్కడా లేని "సీనియర్" అనే మాట హోదా ముందు వచ్చి కూర్చుని ఉంటుంది. అప్పుడు కొందరు ఎవరు చూస్తారులే అని ఊరుకుంటారు. మరికొందరు "సారీ, చిన్న టైపో, అప్‌డేటెడ్ రెజ్యూమె జతచేశాను" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఊరుకోవడం కంటే ఇది నయమనిపిస్తుంది గానీ, ఆ మెయిల్‌తో చాలాసార్లు ఒరిగేదేమీ ఉండదు. ఎందుకో తెలియాలంటే, ఆ తేదీని ఎవరు ఎప్పుడు దేనితో పోల్చి చూస్తారో ముందు తెలియాలి.

హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగాల సంగతే తీసుకుందాం. రెజ్యూమె చూసి ఇంటర్వ్యూకి పిలిచే రిక్రూటర్ తేదీలను పెద్దగా తరచి చూడరు. మొత్తం ఎన్నేళ్ల అనుభవం, నోటీసు ఎంత, జీతం ఎంత అడుగుతున్నారు, ఇవే వాళ్లకి ముఖ్యం. తేదీ అసలు పరీక్షకి వచ్చేది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర. అది చేసేది చాలా కంపెనీల్లో బయటి ఏజెన్సీ. మీరు నింపిన వెరిఫికేషన్ ఫారమ్, మీ రెజ్యూమె, పాత కంపెనీ హెచ్ఆర్ ఇచ్చిన జవాబు, రిలీవింగ్ లెటర్, ఈపీఎఫ్‌వో సర్వీస్ హిస్టరీ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అన్నీ కలిస్తే రిపోర్టు గ్రీన్. కొద్ది తేడా ఉన్నా, పాత కంపెనీ నుంచి జవాబు రాకపోయినా ఆంబర్. ఉద్యోగ కాలమో హోదానో గట్టిగా తేడా వస్తే రెడ్. ఎంత తేడాని చూసీచూడనట్టు వదలాలన్నది ఏజెన్సీ చేతిలో ఉండదు, మిమ్మల్ని తీసుకుంటున్న కంపెనీ పాలసీలో ఉంటుంది. ఒకచోట నెల తేడాని పట్టించుకోరు, ఇంకోచోట దానికీ రాతపూర్వకంగా వివరణ అడుగుతారు.

కాబట్టి కరెక్షన్ మెయిల్‌ని క్షమాపణ లేఖలా చూడకూడదు. వెరిఫికేషన్ మొదలవకముందే, ఎవరూ అడగకముందే, ఫలానా తేదీన ఫలానా తప్పుని మీరే చెప్పారని మిగిలిపోయే రికార్డు అది. రేపు ఏజెన్సీ "రెజ్యూమెలో మే అని ఉంది, లెటర్‌లో మార్చి ఉంది" అని రాస్తే, హెచ్ఆర్ తన మెయిల్‌బాక్స్‌లో వెతికి "ఇది ముందే చెప్పారు" అని చూపించగలగాలి. "చిన్న టైపో, కొత్త రెజ్యూమె ఇదిగో" అన్న మెయిల్ ఆ పనికి రాదు. అందులో ఏది మారిందో లేదు. తెలుసుకోవాలంటే రెండు పీడీఎఫ్‌లు తెరిచి వరుసవరుసా పోల్చాలి, అంత తీరిక ఎవరికీ ఉండదు. పైగా "అప్‌డేటెడ్" అనగానే కొత్త స్కిల్ ఏదో చేర్చారనుకుంటారు. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ బయటపడిందని ఎవరికీ తట్టదు.

అలాగని కనబడిన ప్రతి తేడాకీ మెయిల్ పంపనక్కర్లేదు. రెజ్యూమెలో నెల, సంవత్సరం మాత్రమే ఇచ్చి, జులై 29న చేరినదాన్ని ఆగస్టు అని రాసి ఉంటే వదిలేయండి. వెరిఫికేషన్ ఫారమ్‌లో జులై 29 అని సరిగ్గా నింపితే సరిపోతుంది. ప్రాజెక్టు తేదీలు అటూఇటూ అయినా అంతే, అవి ఏ లెటర్‌లోనూ ఉండవు. తేదీలు, హోదాల్లో మెయిల్ తప్పనిసరయ్యే తప్పులు మూడే రకాలు. మొత్తం అనుభవం లెక్క మార్చేవి, ఉద్యోగం లేని కాలాన్ని కప్పేసేవి, లెటర్‌లో ఉన్నదానికంటే పెద్ద హోదా చూపించేవి. గమనిస్తే మూడూ మీకు లాభం చేసే తప్పులే. మీకు నష్టం చేసే తప్పుని, అంటే ఐదేళ్లు చేసి నాలుగేళ్లని రాసుకున్నదాన్ని, ఫోన్‌లో చెప్పినా ఎవరూ అనుమానించరు. లాభం చేసే తప్పుని మాత్రం రాతలోనే సరిచేయాలి.

మెయిల్ రాయబోయే ముందు అసలు సరైన తేదీ ఏదో తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే రెండోసారి తప్పు చేస్తారు. గుర్తున్నదాన్ని బట్టి ఒక తప్పు రాసి, మళ్లీ గుర్తున్నదాన్ని బట్టే దాన్ని దిద్దుతారు. రాజీనామా పెట్టిన రోజు, చివరి పనిదినం, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బులు పడిన రోజు, ఈ మూడూ వేరువేరు. డబ్బులు పడిన నెలని మానేసిన నెలగా రాసుకున్నవాళ్లు బోలెడంతమంది. ప్రామాణికం రిలీవింగ్ లెటర్‌లో ఉన్న చివరి పనిదినమే.

దాని తర్వాత ఈపీఎఫ్‌వో సభ్యుల పోర్టల్‌లో యూఏఎన్‌తో లాగిన్ అయి, View మెనూలో Service History తెరవండి. ఏ కంపెనీలో ఎప్పుడు చేరినట్టు, ఎప్పుడు మానినట్టు నమోదైందో అక్కడ కనిపిస్తుంది. అయితే అక్కడి ఎగ్జిట్ తేదీ లెటర్‌లోని తేదీతో అచ్చంగా కలవకపోవచ్చు. కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఉద్యోగే Mark Exit ద్వారా వేసుకోవచ్చు, చివరి జమ పడిన నెలలో ఏ రోజైనా ఎంచుకోవచ్చు. అందుకే మార్చి 17న మానినవారికి అక్కడ మార్చి 31 ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. నెల కలిస్తే చాలు. నెలే కలవకపోతే మాత్రం లెటర్‌ని బట్టి రెజ్యూమె దిద్ది, పోర్టల్‌లో తేదీ మార్చుకునే జాయింట్ డిక్లరేషన్ సంగతి విడిగా చూసుకోండి. అది పూర్తయ్యేదాకా మెయిల్ ఆపితే పుణ్యకాలం గడిచిపోతుంది.

హోదా విషయం ఇంకొంచెం చిక్కు. మన ఐటీ కంపెనీల్లో లెటర్ మీద ఉండే హోదా ఒకటి, ప్రాజెక్టులో చేసే పని ఇంకొకటి. లెటర్‌లో "సిస్టమ్స్ ఇంజినీర్" అని ఉంటుంది, నలుగురి పని చూసుకుంటూ క్లయింట్ కాల్స్‌లో టీమ్ లీడ్ అని పరిచయమవుతారు. రెజ్యూమెలో టీమ్ లీడ్ అని రాయడం అబద్ధం కాదు. కానీ ఏజెన్సీ అడిగితే పాత కంపెనీ హెచ్ఆర్ తమ రికార్డులో ఉన్న మాటే చెబుతుంది. దీనికి దారి, లెటర్‌లోని హోదాని ముందు రాసి, దాని పక్కన "ప్రాజెక్టులో బాధ్యత: టీమ్ లీడ్" అని చేర్చడం. థర్డ్ పార్టీ పేరోల్ మీద పనిచేసినవాళ్లకి హోదాతో పాటు కంపెనీ పేరు కూడా తేడా వస్తుంది. రోజూ వెళ్లింది క్లయింట్ ఆఫీసుకైనా, పీఎఫ్ కట్టిందీ ఫామ్ 16 ఇచ్చిందీ పేరోల్ కంపెనీ. రెజ్యూమెలో క్లయింట్ పేరొక్కటే ఉంటే వెరిఫికేషన్‌లో "ఇలాంటి ఉద్యోగి మా దగ్గర లేరు" అని జవాబు వచ్చేస్తుంది. హోదాలో ఒక మాట తేడా కంటే ఇది చాలా ప్రమాదం, కాబట్టి కనబడిన రోజే మెయిల్ పంపాలి.

ఇప్పుడు ఒక కేసు ఊహించుకుని లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకామె 2019 ఆగస్టు 2న మొదటి ఉద్యోగంలో చేరింది. 2022 మార్చి 17న రిలీవ్ అయింది. రెండో కంపెనీలో 2022 జూన్ 6న చేరి ఇప్పటికీ అక్కడే ఉంది. 2025 నవంబర్ 10, సోమవారం నాడు ఒక టెస్ట్ లీడ్ పోస్టుకి అప్లై చేసింది. ప్రకటనలో కనీసం ఆరేళ్ల అనుభవం అడిగారు. రెజ్యూమెలో మొదటి ఉద్యోగం "ఆగస్టు 2019 నుంచి మే 2022" అనీ, హోదా "సీనియర్ టెస్ట్ ఇంజినీర్" అనీ ఉంది. బుధవారం నాడు పాత లెటర్లు తీసి చూస్తే నెల మార్చి, హోదా వట్టి "టెస్ట్ ఇంజినీర్".

రెజ్యూమె ప్రకారం మొదటి ఉద్యోగం 2 ఏళ్ల 10 నెలలు, రెండోది 3 ఏళ్ల 5 నెలలు, మొత్తం 6 ఏళ్ల 3 నెలలు. మనవాళ్లు దీన్ని "6.3" అని రాస్తారు. చుక్క తర్వాత అంకె నెలలని మనకి తెలుసు గానీ, విదేశీ మేనేజర్ దాన్ని ఆరేళ్ల మీద పదింట మూడు వంతులు, అంటే దాదాపు నాలుగు నెలలని చదువుకుంటాడు. ఏళ్లు, నెలలు విడిగా రాయడమే మేలు. సరైన తేదీలతో మొదటి ఉద్యోగం 2 ఏళ్ల 7 నెలల 15 రోజులు. మొత్తం కలిపితే 6 ఏళ్ల మీద 19 రోజులు. అంటే అర్హత ఇంకా ఉంది, కానీ అంచు మీద ఉంది. పైగా మార్చి 18 నుంచి జూన్ 5 వరకు 80 రోజుల ఖాళీ కొత్తగా కనబడుతుంది. తప్పు తేదీ కప్పేసింది ఈ ఖాళీనే. మెయిల్‌లో ఈ రెండు సంగతులూ ఆమే చెప్పాలి. చెప్పకుండా నెల ఒక్కటే మార్చి పంపితే, దిద్దిన పద్ధతిలోనే దాపరికం కనిపిస్తుంది.

మెయిల్ వెళ్లేది ఇంగ్లీషులోనే అయినా, అందులో ఉండాల్సిన సరుకు ఇది:

విషయం: రెజ్యూమెలో కరెక్షన్, టెస్ట్ లీడ్ పోస్టు, అప్లికేషన్ నంబరు, పేరు

నమస్తే. నవంబర్ 10న టెస్ట్ లీడ్ పోస్టుకి అప్లై చేశాను. ఆ రెజ్యూమెలో నా మొదటి ఉద్యోగం దగ్గర రెండు తప్పులున్నాయి.

చివరి నెల: మే 2022 అని ఉంది. సరైనది మార్చి 2022, చివరి పనిదినం మార్చి 17.
హోదా: సీనియర్ టెస్ట్ ఇంజినీర్ అని ఉంది. రిలీవింగ్ లెటర్ ప్రకారం టెస్ట్ ఇంజినీర్.

దీంతో అప్లై చేసిన రోజుకి నా మొత్తం అనుభవం 6 ఏళ్ల 3 నెలలు కాదు, 6 ఏళ్లు. 2022 మార్చి 18 నుంచి జూన్ 5 వరకు నేను ఉద్యోగంలో లేను. ఆన్‌లైన్ ఫారమ్‌లో కూడా పాత వివరాలే ఉన్నాయి, వాటిని నా వైపు నుంచి మార్చే వీలు లేదు. సరిచేసిన రెజ్యూమె జతచేశాను, ఈ రెండు చోట్ల తప్ప అందులో ఇంకేమీ మార్చలేదు. రిలీవింగ్ లెటర్ కావాలంటే పంపుతాను.

ఇంతే. ఇందులో "టైపో" అన్న మాట లేదు. ఒక అక్షరం జారితే టైపో. నెలా హోదా రెండూ తప్పయితే, అదీ రెండూ ఒకేవైపు లాభంగా తప్పయితే, ఆ మాట చదివేవాళ్లకి నవ్వొస్తుంది. కారణాలూ లేవు. పాత టెంప్లేట్ వాడాననో, తొందరలో రాశాననో చెప్పుకుంటూ పోతే చదివేవాళ్ల చూపు తేదీ మీద నుంచి కారణం మీదకి మళ్లుతుంది. ఒక కారణం చెప్పి తీరాలనిపిస్తే, "ఫైనల్ సెటిల్‌మెంట్ నెలని చివరి నెలగా రాశాను" అన్నంత పొడిగా చెప్పండి. హోదాకి అలాంటి పొడి కారణం దొరకదు, వెతక్కండి కూడా.

"ఇంకేమీ మార్చలేదు" అన్న వాక్యం మాత్రం తీసేయకండి, దాన్ని నిజం చేయండి కూడా. ఎలాగూ తెరిచాం కదా అని కొత్త సర్టిఫికేషన్ చేర్చడం, పాత ప్రాజెక్టు వాక్యాలు మెరుగు పెట్టడం చేస్తే అది కరెక్షన్ అనిపించుకోదు, రెండో అప్లికేషన్ అవుతుంది. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించుకునే వ్యాపారం ఎలాంటిదో హైదరాబాద్ రిక్రూటర్లకి తెలియనిది కాదు. తేదీలు మారిన రెజ్యూమె రెండోసారి వచ్చిందంటే వాళ్ల మొదటి ఆలోచన అటే పోతుంది. ఏం మారిందో చెప్పి, మిగతాది కదపకుండా ఉంచితేనే ఆ అనుమానం నిలవదు.

జతచేసే కాగితాల దగ్గర చాలామంది అతిగా పోతారు. నిజాయితీ చూపించాలని పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఆధార్ అన్నీ కట్టగట్టి పంపేస్తారు. పాస్‌బుక్‌లో నెలనెలా వేతనం, జమ అయిన మొత్తం ఉంటాయి. జీతం మాట ఇంకా రాకముందే మీ పాత జీతం వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. రిలీవింగ్ లెటర్‌లో సాధారణంగా జీతం ఉండదు, తేదీ, హోదా ఉంటాయి. అవసరమైతే అదొక్కటి చాలు.

ఇక ఎవరికి పంపాలి? అప్లై చేసినట్టు వచ్చిన ఆటోమేటిక్ మెయిల్‌కి రిప్లై కొడితే చాలాసార్లు అది ఎవరికీ చేరదు. రిక్రూటర్ ఫోన్ చేసో మెయిల్ రాసో ఉంటే అదే థ్రెడ్‌లో పంపండి, పాతదీ కొత్తదీ ఒకచోట ఉంటాయి. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినప్పుడు ముందు కన్సల్టెన్సీకే చెప్పాలి. వాళ్లు మీ రెజ్యూమెని తమ ఫార్మాట్‌లోకి మార్చి పంపి ఉంటారు, కంపెనీ దగ్గర ఉన్నది ఆ కాపీ. మీ ఫైల్ దిద్దినంత మాత్రాన అది మారదు. దిద్దిన కాపీని కంపెనీకి పంపినట్టు వాళ్ల నుంచి ఒక లైను రాయించుకోండి. ఫ్రెండ్ రిఫరల్ ఇచ్చి ఉంటే వాళ్లు అప్‌లోడ్ చేసిన కాపీ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో ప్రొఫైల్ దిద్దడం మంచిదే. కానీ రిక్రూటర్ అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న ఫైల్‌లో ఏమీ మారదు. కంపెనీల కెరీర్ సైట్లలో కూడా ప్రొఫైల్ మార్చినంత మాత్రాన ముందే పంపిన అప్లికేషన్ మారుతుందనుకోకూడదు. విత్‌డ్రా చేసి మళ్లీ అప్లై చేద్దామనిపిస్తుంది గానీ, కొన్ని కంపెనీల సిస్టమ్ అదే పోస్టుకి రెండోసారి అప్లికేషన్ తీసుకోదు, ఇంకొన్ని చోట్ల డూప్లికేట్ కింద పక్కన పెడుతుంది. విత్‌డ్రా అయ్యాక వెనక్కి వచ్చే దారి ఉందో లేదో తెలియకుండా ఆ బటన్ జోలికి వెళ్లొద్దు. ఇంకో సంగతి: ఫైల్ అప్‌లోడ్ చేయగానే సిస్టమే అందులోని తేదీలు చదివి ఫారమ్‌లో గళ్లు నింపేస్తుంది. అందుకే తప్పు రెండు చోట్ల ఉంటుంది. "పైన ఇచ్చిన వివరాలన్నీ నిజమే" అని టిక్ పెట్టింది ఆ ఫారమ్ కిందే కాబట్టి మెయిల్‌లో ఫారమ్ ప్రస్తావన తప్పకుండా ఉండాలి.

చాలాసార్లు జవాబు రాదు. రాలేదని మూడు రోజులకోసారి గుర్తుచేయనక్కర్లేదు. తర్వాత హెచ్ఆర్ నుంచి ఎవరు ఫోన్ చేసినా, అనుభవం గురించి అడగగానే "బుధవారం ఒక కరెక్షన్ పంపాను, మొదటి కంపెనీలో మార్చి దాకానే చేశాను" అని నోటితో చెప్పేయండి. టెక్నికల్ ఇంటర్వ్యూ చేసేవారి ముందు పాత కాపీ ఉండే అవకాశం ఎక్కువ. పరిచయం చేసుకునేటప్పుడే సరైన హోదా చెబితే పోతుంది, అక్కడ కథంతా విప్పక్కర్లేదు.

ఆఫర్ వచ్చాక తప్పు కనబడితే టెన్షన్ వేరే స్థాయిలో ఉంటుంది. ఆఫర్ లెటర్లలో మామూలుగా ఉండే షరతు, వెరిఫికేషన్ సరిగా వస్తేనే ఈ ఆఫర్ చెల్లుతుందని. మీకిచ్చిన గ్రేడూ జీతమూ ఆ అనుభవం లెక్క మీదే కట్టి ఉండొచ్చు. మన దగ్గర చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు 90 రోజులు. పేపర్ పెట్టాక, నోటీసు సగంలో ఉండగా ఆఫర్ వెనక్కి పోతే అక్కడా ఇక్కడా కాకుండా పోతారు. అందుకని ఈ దశలో మెయిల్ పంపి ఊరుకోవడం సరిపోదు, జవాబు రాయించుకోవాలి. పైన ఇచ్చిన మెయిల్‌కే చివర్లో, "ఈ వివరాలతో ఆఫర్‌లో ఏమైనా మార్పు ఉంటుందా, ఉండకపోతే ఒక లైను రాయగలరు, దాన్ని చూసుకుని రాజీనామా ఇస్తాను" అని చేర్చండి. ఆఫర్ తగ్గిస్తామంటే తగ్గించనీయండి. ఉన్న ఉద్యోగం చేతిలో ఉండగా వినే మాట అది. చేరిన మూడు నెలలకి రెడ్ రిపోర్టుతో పిలిపించి చెప్పే మాట వేరుగా ఉంటుంది.

వెరిఫికేషన్ ఫారమ్ చేతికొచ్చాక పాత రెజ్యూమెని పక్కన పెట్టి, లెటర్లు ముందేసుకుని నింపాలి. రెజ్యూమెతో కలవాలని అదే తప్పుని ఫారమ్‌లో మళ్లీ రాసేవాళ్లున్నారు. అప్పటిదాకా పొరపాటుగా ఉన్నది అక్కడ సంతకం పెట్టిన తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. ఫారమ్ కూడా తప్పుగా పంపేసి ఉంటే, ఏజెన్సీ ఇంకా పాత కంపెనీకి రాయకముందే వాళ్ల పోర్టల్‌లో క్వెరీ పెట్టి, హెచ్ఆర్‌కీ అదే మాట రాయండి. ఏజెన్సీ రిపోర్టులో "క్యాండిడేట్ చెప్పింది" అన్న గడి ఒకటీ, "కంపెనీ చెప్పింది" అన్న గడి ఒకటీ ఉంటాయి. మీరు దిద్దిన తేదీ మొదటి గడిలోకి వెళ్లిందో లేదో ఏజెన్సీని అడిగి తెలుసుకోండి. వెళ్లకపోయి ఆంబర్ వచ్చినా, హెచ్ఆర్ వివరణ అడిగిన మెయిల్‌కి కొత్తగా ఏమీ రాయకండి. నవంబర్ 12 నాటి ఆ పాత మెయిల్‌ని, దానికి జతచేసిన రెజ్యూమెతో సహా ఫార్వర్డ్ చేసి, కింద రిలీవింగ్ లెటర్ పెట్టండి.